మీ బలహీనత ఏమిటని అడిగితే ఏం చెప్పాలి?

డిగ్రీ చివరి సంవత్సరానికి వచ్చిన ప్రతి తమ్ముడూ, ప్రతి చెల్లీ ఏదో ఒక రోజు ఇంటర్వ్యూ బల్లకు ఇవతల కూర్చోవలసిందే. రాతపరీక్ష గట్టెక్కి, గ్రూప్ డిస్కషన్ గట్టెక్కి, హెచ్.ఆర్. రౌండు దాకా వచ్చిన తర్వాత అడిగే ప్రశ్నల్లో మనవాళ్ళను బాగా తడబెట్టేది ఒకటుంది. "మీలో ఉన్న పెద్ద బలహీనత ఏమిటి?" అన్నదే ఆ ప్రశ్న. లెక్క అడిగితే చేస్తాం, సబ్జెక్టు అడిగితే చెబుతాం. దీనికి మాత్రం నిజం చెబితే ఉద్యోగం పోతుందేమోనని భయం, అబద్ధం చెబితే దొరికిపోతామేమోనని ఇంకో భయం.

ఈ హాస్టల్లోనే చదువుకొని వెళ్ళిన మేము కొందరం, తీరిక దొరికిన ఆదివారాల్లో వచ్చి చివరి సంవత్సరం వాళ్ళకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెడుతుంటాం. మాలో ఒకరిద్దరు తమ ఆఫీసుల్లో కొత్తవాళ్ళను ఎంపిక చేసేటప్పుడు బల్లకు అవతల కూడా కూర్చుంటున్నారు. రెండు వైపులా చూసిన తర్వాత మాకు ఏర్పడిన అభిప్రాయం ఒక్కటే. ఈ ప్రశ్నకు నిజమే చెప్పాలి. అయితే ఏ నిజం చెప్పాలో, ఎంత చెప్పాలో తెలుసుకొని చెప్పాలి.

ఉత్తుత్తి ఇంటర్వ్యూల్లో మాకు ఎక్కువగా వినిపించే జవాబులు రెండు. మొదటిది గైడు పుస్తకం జవాబు. "సర్, ఐ యామ్ ఎ పర్ఫెక్షనిస్ట్" అని ఒకరు, "నేను పనిలో పడితే తిండి, నిద్ర మరచిపోతాను సార్" అని ఇంకొకరు. బలహీనత పేరు చెప్పి గొప్పతనం చెప్పుకోవడమే ఇది. బల్లకు అవతల కూర్చున్నవాళ్ళు ఇదే మాటను ఆ రోజు పొద్దుటినుంచి చాలాసార్లు విని ఉంటారు. ఓవుల్ సెజెర్ అనే పరిశోధకురాలు మరో ఇద్దరితో కలిసి 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇలా వినయం ముసుగులో గొప్పలు చెప్పుకునేవాళ్ళ కంటే, నేరుగా గొప్పలు చెప్పుకునేవాళ్ళనే వినేవాళ్ళు నయమనుకుంటారని అందులో తేలింది. కారణం కూడా వాళ్ళే చెప్పారు. ముసుగు వేసుకున్నవాడిలో నిజాయితీ లేదనిపిస్తుంది.

అయితే ఈ జవాబు అసలు కూలిపోయేది రెండో ప్రశ్న దగ్గర. "అలాగా! ఈ మధ్య ఎప్పుడు అలా జరిగింది? దానివల్ల ఎవరికి ఇబ్బంది అయింది?" అని మేము అడుగుతాం. అంతే, ఎదుటివాడి కళ్ళు సీలింగు ఫ్యాను వైపు పోతాయి. జరగనిదానికి తేదీ ఉండదు, మనిషి ఉండడు, నష్టం ఉండదు. గైడు పుస్తకంలో మొదటి జవాబే ఉంటుంది గాని రెండోది ఉండదు.

రెండో రకం జవాబు వింటే మాకు నవ్వు రాదు, బాధ వేస్తుంది. "సార్, మాది పేద కుటుంబం. మా నాన్న కూలి పనికి వెళ్తాడు. నేను గవర్నమెంటు హాస్టల్లో చదువుకున్నాను. తెలుగు మీడియం. అదే నా బలహీనత" అంటారు. కొందరు సీనియర్లు జాలి కలుగుతుందని ఇలా చెప్పమని నేర్పుతున్నారని కూడా విన్నాం. దీన్ని మేము గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. నాన్న చేసే కూలి మన బలహీనత ఎలా అవుతుంది? అది ఆయన కష్టం. ఒక గదిలో పన్నెండు ట్రంకు పెట్టెల మధ్య చదువుకోవడం మన పరిస్థితి. పరిస్థితి వేరు, బలహీనత వేరు. ఆ ప్రశ్న అడిగినవాళ్ళు మన పుట్టుక గురించి అడగలేదు, మనం పని చేసే తీరు గురించి అడిగారు. పుట్టుకను బలహీనతల జాబితాలో మన నోటితో మనమే రాయిస్తే, కొట్టేయమని తర్వాత ఎవరిని అడుగుతాం? కుటుంబం గురించి చెప్పాలనిపిస్తే "మీ గురించి చెప్పండి" అన్నప్పుడు తల ఎత్తుకొని చెప్పండి. ఈ ప్రశ్నకు మాత్రం కాదు.

ఇంగ్లీషు సంగతి కొంచెం వేరు. "నా ఇంగ్లీషు వీక్ సార్" అన్నది అబద్ధం కాదు. కాని అప్పటికి పది నిమిషాలుగా మన ఇంగ్లీషు వాళ్ళు వింటూనే ఉన్నారు. తెలిసిన విషయమే మళ్ళీ చెప్పినట్టవుతుంది తప్ప కొత్తగా మన గురించి ఏమీ తెలియదు. పైగా అది నేర్చుకోవలసిన విద్య, మన స్వభావం కాదు. చెప్పి తీరాలనుకుంటే పనికి ముడిపెట్టి చెప్పాలి. "మాట్లాడగలను గాని, ఒక పేజీ ఉత్తరం రాయాలంటే నాకు మిగతావాళ్ళ కంటే రెట్టింపు టైము పడుతుంది" అంటే అది సమాచారం. "వీక్" అంటే అది నిట్టూర్పు.

మరి వాళ్ళకు ఏం కావాలి? మాలో బల్లకు అవతల కూర్చునేవాళ్ళు చెప్పేదాన్ని బట్టి, వాళ్ళు చూసేవి రెండే. ఈ అబ్బాయికి తన గురించి తనకు తెలుసా అన్నది మొదటిది. తప్పు జరిగితే దాచిపెట్టేవాడా, చెప్పి సరిదిద్దుకునేవాడా అన్నది రెండోది. ఆఫీసులో కొత్తవాడి వల్ల తప్పులు జరుగుతాయని వాళ్ళకు ముందే తెలుసు. ఆ తప్పు సోమవారం బయటపడుతుందా, నెల తర్వాత బయటపడుతుందా అన్నదే వాళ్ళ బెంగ. కాబట్టి చిన్నదైనా సరే, నిజంగా ఒకరికి ఇబ్బంది కలిగించిన మన అలవాటు ఒకటి చెప్పగలిగితే ఆ బెంగకు జవాబు దొరుకుతుంది.

ఆ అలవాటును కనిపెట్టడానికి అద్దం ముందు కూర్చొని లాభం లేదు. మన వీపు మనకు కనపడదు. ఈ విషయంలో మనకు ఇంట్లో ఉండి చదువుకునేవాళ్ళకు లేని వసతి ఒకటుంది. మూడేళ్ళు మన పక్కనే పడుకున్నవాళ్ళు, మనతో కలిసి ప్రాక్టికల్స్ చేసినవాళ్ళు, మెస్ కమిటీలో కలిసి పని చేసినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. వాళ్ళలో ముగ్గురిని విడివిడిగా అడగండి. "నాలో లోపం ఏమిటి?" అని అడిగితే మొహమాటపడి ఏమీ లేదంటారు. "నాతో కలిసి పని చేస్తే నీకు ఎక్కడ చిరాకు వస్తుంది?" అని అడగండి. వెంటనే చెబుతారు. ముగ్గురిలో ఇద్దరు ఒకే మాట చెబితే అదే మీ జవాబుకు ముడిసరుకు.

ఒక ఉదాహరణ చెబుతాం. బి.ఎస్సీ. మూడో సంవత్సరం తమ్ముడు ఒకడు పర్ఫెక్షనిస్టు జవాబుతోనే మా ముందు కూర్చున్నాడు. రెండో ప్రశ్నకు ఆగిపోయాడు. ముగ్గురిని అడిగి రమ్మన్నాం. వారం తర్వాత వచ్చి, "ఇద్దరు ఒకటే చెప్పారన్నా. అర్థం కాకపోయినా తల ఊపుతానట" అన్నాడు. అలా ఊపినప్పుడు ఏం జరిగిందో ఒకటి చెప్పమంటే, కాసేపు ఆలోచించి ఈ సంగతి చెప్పాడు.

ఆ నెల మెస్ కమిటీలో అతని వంతు. హాస్టల్లో మొత్తం 96 మంది. పండగ కోసం 31 మంది ఊళ్ళకు వెళ్ళారు. వాళ్ళలో 12 మంది ఆ రాత్రికే తిరిగి రావలసినవాళ్ళు. వార్డెన్ సార్ హడావుడిగా వెళ్తూ "ఊళ్ళో ఉన్నవాళ్ళను తీసేసి రాత్రికి స్ట్రెంగ్త్ రాయించు" అన్నారు. రాత్రికి వచ్చేవాళ్ళను తీసేయాలా, ఉంచాలా అన్నది ఇతనికి అర్థం కాలేదు. అడిగితే "ఇంత కూడా తెలియదా" అంటారేమోనని తల ఊపి వచ్చేశాడు. 31 మందినీ తీసేసి 65 అని రాయించాడు. 77 అని రాయవలసింది. వంటక్క 65 మందికే బియ్యం పోసింది. రాత్రి చివరి బస్సు దిగి వచ్చిన 12 మందికి అన్నం లేదు. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉన్న వంటక్క రాత్రి తొమ్మిదిన్నరకు మళ్ళీ పొయ్యి వెలిగించింది.

"ఇదేం చెబుతాను అన్నా, హాస్టల్ అన్నం గొడవ ఇంటర్వ్యూలో చెబితే నవ్వరా?" అన్నాడు. మేము నవ్వలేదు. ఒక మాట అడగడానికి సిగ్గుపడితే ఎంత ఖర్చవుతుందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ ఏ గైడు పుస్తకంలోనూ లేదు. ఆఫీసులోనూ ఇలాగే జరుగుతుంది. అక్కడ బియ్యం బదులు బిల్లు ఉంటుంది, లేదా ప్రోగ్రాము ఉంటుంది.

తర్వాత అతను ఏం మార్చుకున్నాడని అడిగాం. ఆ రోజు తర్వాత ఎవరైనా పని చెబితే, దాన్ని తన మాటల్లో తిరిగి వాళ్ళకే చెబుతున్నాడట. "అంటే రాత్రికి వచ్చేవాళ్ళను కలిపి 77 రాయించాలి, అంతే కదా సార్?" అన్నట్టు. పూర్తిగా మారిపోయావా అని అడిగితే నిజం చెప్పాడు. "తెలిసినవాళ్ళ దగ్గర అడుగుతున్నానన్నా. కొత్తవాళ్ళు, పెద్దవాళ్ళు అయితే అప్పటికప్పుడు నోరు రావడం లేదు. కాసేపాగి, వెనక్కి వెళ్ళి అడుగుతున్నాను."

జవాబు ఇక్కడే తయారైపోయింది. అతను చివరకు చెప్పినది దాదాపు ఇలా ఉంది: "సార్, ఏదైనా అర్థం కాకపోతే వెంటనే అడగకుండా తల ఊపడం నా అలవాటు. హాస్టల్ మెస్ పని చూస్తున్నప్పుడు ఒక మాట అడగక, 77 మందికి వంట చేయించాల్సింది 65 మందికే చేయించాను. 12 మంది రాత్రి తొమ్మిదిన్నర దాటేదాకా ఆకలితో కూర్చున్నారు. అప్పటినుంచి ఎవరు పని చెప్పినా నా మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకుంటున్నాను. కొత్తవాళ్ళ దగ్గర ఇప్పటికీ వెంటనే అడగలేను, కొంతసేపటికి వెళ్ళి అడుగుతాను." చదవడానికి అర నిమిషం కూడా పట్టదు. ఇంగ్లీషులో చెప్పడానికి కూడా పెద్ద మాటలు అక్కర్లేదు. "సర్, వెన్ ఐ డోంట్ అండర్‌స్టాండ్, ఐ నాడ్" అని మొదలుపెడితే చాలు.

ఇందులో నాలుగు ముక్కలున్నాయి గమనించండి. అలవాటు, దానివల్ల జరిగిన నష్టం, ఇప్పుడు చేస్తున్నది, ఇంకా మిగిలినది. మనవాళ్ళు చాలామంది నాలుగోది వదిలేసి "ఇప్పుడు పూర్తిగా పోయింది సార్" అంటారు. పూర్తిగా పోతే అది బలహీనత కాదు, పాత కథ. అడిగింది ఇప్పుడున్న దాని గురించి. మిగిలినది కూడా చెప్పినప్పుడే ముందు చెప్పిన మూడింటినీ నమ్ముతారు. అలాగే, అర్థం కాకపోయినా తల ఊపే అలవాటు మనలో చాలామందికి ఎందుకు వచ్చిందో మనకు తెలుసు. బడిలో ప్రశ్న అడిగితే తిట్లు తిన్నవాళ్ళం, ఇంట్లో అడిగి చెప్పించుకోవడానికి చదువుకున్నవాళ్ళు లేనివాళ్ళం. ఆ కారణం నిజమే, దాని మీద వేరే వ్యాసం రాయాలి. కాని ఈ జవాబులో నెపం ఎవరి మీదికీ నెట్టకూడదు. నెట్టగానే అది సంజాయిషీ అయిపోతుంది.

తర్వాత వచ్చే ప్రశ్నలకు కూడా నిజం చెప్పినవాడికే ధైర్యం ఉంటుంది. మేము అతన్ని "మరి మా దగ్గర కూడా తల ఊపుతావా?" అని ఇరికించాం. "మొదటి వారం ఊపవచ్చు సార్. అందుకే చెప్పిన పని కాగితం మీద రాసుకొని, మొదలుపెట్టే ముందు మీకు చూపిస్తాను" అన్నాడు. ఈ జవాబు మేము నేర్పలేదు. జరిగిన సంగతి తలలో ఉన్నవాడికి మాట దానంతట అదే వస్తుంది.

ఇక బట్టీ పట్టినట్టు వినపడకుండా ఉండడం ఎలా? బట్టీ జవాబును వినేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. అంతవరకు తడుముకుంటూ మాట్లాడినవాడు ఆ ఒక్క జవాబు దగ్గర గడగడా చదివేస్తాడు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాడు. ఇంకోసారి చెప్పమంటే అవే మాటలు, అదే వరసలో వస్తాయి. కాబట్టి జవాబును వాక్యాలుగా కాగితం మీద రాయకండి. ఒక చీటీ మీద నాలుగు మాటలు మాత్రం రాసుకోండి. ఆ తమ్ముడి చీటీలో ఉన్నవి ఇవే: తల ఊపడం, 12 మంది, తిరిగి చెప్పడం, కొత్తవాళ్ళు. ముందు ఆ సంగతిని తెలుగులో, రూమ్‌మేటుకు చెప్పినట్టు చెప్పండి. తర్వాత ఇంగ్లీషులో, ఒకసారి నష్టంతో మొదలుపెట్టి, ఇంకోసారి ఇప్పుడు చేస్తున్నదానితో మొదలుపెట్టి చెప్పండి. స్నేహితుణ్ణి మధ్యలో అడ్డు తగలమనండి. ఎక్కడ ఆపినా అక్కడినుంచి సాగించగలిగితే అది మీకు గుర్తున్నట్టు. మళ్ళీ మొదటికి పోతే బట్టీ పట్టినట్టు.

మేము నిజం చెప్పమన్నాం గాని, ఉన్నవన్నీ కుమ్మరించమనలేదు. నిజమైన లోపాలు ఎవరికైనా నాలుగైదు ఉంటాయి. వాటిలో ఏది చెప్పాలో ఎంచుకోవడం మోసం కాదు. ఆ ఉద్యోగానికి ప్రాణం లాంటి దాన్ని చెప్పవద్దు. బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళి "డబ్బు లెక్కపెట్టడంలో పొరపాట్లు చేస్తాను" అంటే అవతలివాళ్ళు మాత్రం ఏం చేస్తారు? అది నిజమే అయితే జవాబు మార్చుకోవడం కాదు, ఆ ఉద్యోగం మనకు సరిపడుతుందా అని ఆలోచించుకోవాలి. అలాగే ఒంట్లో ఉన్న జబ్బులు, ఇంట్లో ఉన్న గొడవలు, కులం, అప్పులు ఈ ప్రశ్నకు జవాబులు కావు. పనికి సంబంధించిన అలవాటు ఒక్కటి చాలు.

"నిజం చెబితే మార్కులు తగ్గించేవాళ్ళు ఉండరా అన్నా?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. ఉంటారు. బట్టీ జవాబే వినాలనుకొని వచ్చేవాళ్ళు, నిజం వినగానే కాగితం మీద గీత పెట్టేవాళ్ళు కొందరు ఉంటారని మేము ఒప్పుకుంటాం. ఒక ఇంటర్వ్యూలో దానివల్ల పోవచ్చు కూడా. అయినా మా లెక్క ఇది. బట్టీ జవాబు రెండో ప్రశ్న అడగని చోట మాత్రమే నిలుస్తుంది. నిజం జవాబు ఎన్ని ప్రశ్నలు అడిగినా నిలుస్తుంది. పైగా బట్టీ జవాబుతో ఉద్యోగం వచ్చినా, ఆ తల ఊపే అలవాటు మనతోపాటే ఆఫీసుకు వస్తుంది. అక్కడ మళ్ళీ పొయ్యి వెలిగించడానికి వంటక్క ఉండదు.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం పది గంటలకు మేము రీడింగ్ రూములో ఉంటాం. చివరి సంవత్సరం తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అందరూ రండి. గైడు పుస్తకాలు తేవద్దు. ముగ్గురిని అడిగి, నాలుగు మాటలు రాసుకున్న చీటీ తీసుకురండి. రెండో ప్రశ్న మేము అడుగుతాం.